లాక్-ఆన్ కెమెరా తయారీ: టార్గెట్ ఎంపిక నుంచి గోడ మూల దాకా

థర్డ్ పర్సన్ యాక్షన్ గేమ్‌లో పాత్రనూ కెమెరానూ ఒకే శత్రువు వైపు నిలిపి ఉంచే లాక్-ఆన్ బటన్ నొక్కగానే లోపల మూడు పనులు మొదలవుతాయి. ఏ శత్రువు మీద లాక్ పడాలో తేల్చడం మొదటిది. ఆటగాడు స్టిక్ తోస్తే పాత్ర ఎటు కదలాలో నిర్ణయించడం రెండోది. కెమెరా ఎక్కడ నిలబడి ఎటు చూడాలో లెక్కకట్టడం మూడోది. చాలా ప్రాజెక్టుల్లో ఈ మూడూ ఒకే ఫంక్షన్‌లో, ఒకే దిశ మీద ఆధారపడి ఉంటాయి. ఆటగాళ్లు “కెమెరా చెత్తగా ఉంది” అని తిట్టే సమస్యల్లో సగం అక్కడే పుడతాయి. తప్పు ఎంపికలోనో కదలికలోనో ఉంటుంది, తిట్లు మాత్రం కెమెరాకు పడతాయి. అందుకే ఈ మార్గదర్శిలో వాటిని విడదీసి, ఒక్కొక్కటిగా కడదాం.

దగ్గరి పోరాటం ఉన్న గేమ్‌నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. కత్తి పట్టిన పాత్ర ఒకటి, ఎదురుగా ఇద్దరు ముగ్గురు శత్రువులు, పాత్ర వెనక నాలుగైదు మీటర్ల దూరంలో కెమెరా. 1998లో నింటెండో 64 మీద వచ్చిన “ఒకరీనా ఆఫ్ టైమ్” ఈ పద్ధతిని అందరికీ అలవాటు చేసింది. బటన్ నొక్కితే తోడు తిరిగే దేవకన్య శత్రువు దగ్గరికి ఎగిరి పసుపు రంగులోకి మారుతుంది, తెర పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి, పాత్ర ముఖం శత్రువు వైపే ఉండిపోతుంది. ఇప్పటి గేముల్లో దేవకన్య స్థానంలో ఒక తెల్ల చుక్క ఉంటుంది. అడుగున లెక్క పెద్దగా మారలేదు.

1. ఫ్రేమ్‌లో ఏది ముందు, ఏది తర్వాత

కోడ్ రాయడానికి ముందే ఈ వరుస ఖాయం చేసుకోండి: ముందు ఇన్‌పుట్ చదవాలి, తర్వాత టార్గెట్ సరిచూడాలి, ఆ తర్వాత పాత్రను, శత్రువులను కదపాలి, అన్నిటికన్నా చివర కెమెరాను కదపాలి. యూనిటీలో అయితే కెమెరా పని `LateUpdate` లో ఉండాలి.

కెమెరా ముందు కదిలి, పాత్ర తర్వాత కదిలితే కెమెరా ఎప్పుడూ ఒక ఫ్రేమ్ పాత స్థానాన్నే చూస్తుంటుంది. పరిగెత్తేటప్పుడు నేపథ్యం నున్నగా కదులుతూ పాత్ర మాత్రమే సన్నగా వణుకుతుంటే ముందు ఈ వరుసనే అనుమానించండి. కదలికను ఫిజిక్స్ అడుగుల్లో, కెమెరాను రెండరింగ్ ఫ్రేముల్లో నడిపినా ఇదే వణుకు వస్తుంది. అప్పుడు పాత్ర స్థానానికి ఇంటర్‌పొలేషన్ ఆన్ చేయాలి.

2. టార్గెట్ ఎంపిక

పాత్ర చుట్టూ 18 మీటర్ల వ్యాసార్థంలో ఉన్న శత్రువులను పోగుచేయండి. చచ్చినవాళ్లను తీసేయండి. తెర మీద లేనివాళ్లను తీసేయండి. కెమెరా నుంచి శత్రువు ఛాతీ దాకా ఒక రే వేసి, మధ్యలో గోడ అడ్డొస్తే వాళ్లనూ తీసేయండి. మిగిలినవాళ్లకు స్కోర్ ఇవ్వాలి.

స్కోర్‌లో ముఖ్యమైనవి రెండే. తెర మధ్య నుంచి శత్రువు ఎంత కోణంలో ఉన్నాడు, పాత్రకు ఎంత దూరంలో ఉన్నాడు. తక్కువ స్కోర్ వచ్చినవాడే టార్గెట్.

```
score = wa * (angle / 60) + wd * (dist / 18)
```

ఒక సన్నివేశం మీద దీన్ని నడిపి చూద్దాం. కత్తివాడు 3 మీటర్ల దూరంలో, తెర మధ్య నుంచి 40 డిగ్రీలు ఎడమకు ఉన్నాడు. ఈటెవాడు 5 మీటర్లలో, 15 డిగ్రీలు కుడికి. విలుకాడు 8 మీటర్లలో, దాదాపు ఎదురుగా, 5 డిగ్రీల తేడాతో.

కోణానికి 0.65, దూరానికి 0.35 బరువు ఇస్తే విలుకాడికి 0.21, ఈటెవాడికి 0.26, కత్తివాడికి 0.49 వస్తాయి. లాక్ విలుకాడి మీద పడుతుంది. బరువులను తారుమారు చేస్తే ఈటెవాడు 0.27తో గెలుస్తాడు, విలుకాడికి 0.32, కత్తివాడికి 0.34. ఇక రెండు బరువులూ 0.5 పెట్టి చూడండి. విలుకాడికీ ఈటెవాడికీ సరిగ్గా ఒకే స్కోర్, 0.264. కెమెరా వెంట్రుకవాసి కదిలినా గెలిచేవాడు మారిపోతాడు.

లాక్ బటన్ నొక్కినప్పుడు ఒక్కసారే స్కోర్ వేస్తారు కాబట్టి ఈ సమానత పెద్ద ఇబ్బంది కాదు. కానీ నొక్కకముందే “ఇతని మీద లాక్ పడుతుంది” అని చిన్న గుర్తు చూపించే గేముల్లో ప్రతి ఫ్రేమ్‌కూ స్కోర్ వేయాలి. అక్కడ ఆ గుర్తు ఇద్దరి మధ్యా మిణుకుమిణుకుమంటూ ఎగురుతుంది. ఇప్పటికే ఎంపికైనవాడి స్కోర్ నుంచి 0.08 తగ్గించండి. అప్పుడు కొత్తవాడు స్పష్టంగా మెరుగైతేనే గుర్తు మారుతుంది.

బరువుల విషయంలో నా ఓటు కోణానికే. ఆటగాడు కెమెరా ఎటు తిప్పాడన్నదే అతని ఉద్దేశానికి దగ్గరి సాక్ష్యం. దూరానికి ఎక్కువ బరువిస్తే, అతను సూటిగా చూస్తున్న బాస్‌ను వదిలేసి పక్కనున్న ఎలుక మీద లాక్ పడుతుంది. దాన్ని ఎవరూ క్షమించరు.

అర్హులైన శత్రువు ఎవరూ లేకపోతే బటన్‌ను వృథా పోనివ్వకండి. కెమెరాను పాత్ర వీపు వెనక్కి తీసుకురండి. ఇది ఆటగాళ్ల వేళ్లకు ఎంతగా అలవాటైందంటే, లేకపోతే బటన్ పనిచేయడం లేదనుకుంటారు.

3. లాక్ ఎప్పుడు వదలాలి, ఎప్పుడు మారాలి

పట్టుకునే దూరం, వదిలే దూరం ఒకటే కాకూడదు. 18 మీటర్ల దగ్గర పట్టుకుంటే 22 దగ్గర వదలండి. రెండూ 18 అయితే ఆ గీత మీద అటూఇటూ తిరిగే శత్రువు మీద లాక్ పదేపదే పడి ఊడుతుంది. స్తంభం వెనక్కి వెళ్లిన శత్రువును కూడా వెంటనే వదలకూడదు. ఒకటిన్నర సెకను ఆగండి. చాలా స్తంభాల వెనక నుంచి బయటికి రావడానికి ఆ సమయం చాలు.

లాక్ ఉండగా కుడి స్టిక్‌ను పక్కకు విదిలిస్తే పక్క శత్రువు మీదికి మారాలి. స్టిక్ విలువ 0.7 దాటితే ఒక మార్పు. మళ్లీ 0.3 కన్నా కిందికి దిగాకే రెండో మార్పుకు అనుమతి. ఈ రెండో షరతు మరిచిపోతే ఒక్క విదిలింపుకు లాక్ ముగ్గురిని దాటుకుని పోతుంది. “పక్క” అంటే తెర మీద పక్క. ప్రస్తుత టార్గెట్‌కు కుడివైపు, తెర మీద అడ్డంగా దగ్గరగా ఉన్నవాడిని ఎంచుకోవాలి. ఇక్కడ దూరం లెక్కలోకి తెస్తే, కుడికి తోసినప్పుడు ఎదురుగా కనిపిస్తున్నవాడిని దాటి ఇంకెవరి మీదికో దూకుతుంది.

టార్గెట్ చచ్చిపోతే? దానంతటదే తర్వాతి శత్రువు మీదికి మారాలా అన్నది ఎప్పటికీ తెగని వాదన. ఆటోమేటిక్‌గా మారితే గుంపు పోరాటంలో హాయిగా ఉంటుంది. కానీ లోయ అంచున ఒకడిని చంపగానే లాక్ దూరాన ఉన్న విలుకాడి మీదికి దూకి, కెమెరా గిర్రున తిరిగి, తప్పించుకోవడానికి దొర్లిన పాత్ర తిన్నగా లోయలో పడుతుంది. నేనైతే 8 మీటర్లలోపు, తెర మీద కనిపిస్తున్న శత్రువు ఉంటేనే మారనిస్తాను, అది కూడా 0.3 సెకను ఆగాక. ఆప్షన్స్‌లో దాన్ని ఆపేసే వీలు కూడా ఉంచుతాను.

4. కాళ్లు: పాత్ర ఎటు కదలాలి

లాక్ లేనప్పుడు స్టిక్ దిశను కెమెరా దిశతో కలిపి కదలిక లెక్కిస్తాం. లాక్ పడ్డాక కూడా అదే కోడ్ వాడుకుంటే పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. శత్రువు చుట్టూ తిరిగి చూడండి, అసలు సంగతి బయటపడుతుంది. స్టిక్‌ను కచ్చితంగా పక్కకే పట్టుకున్నా పాత్ర గుండ్రంగా తిరగదు. మెల్లగా శత్రువుకు దూరమవుతూ పోతుంది.

కారణం కెమెరా నున్నదనం. కెమెరా లక్ష్య దిశను కొంచెం ఆలస్యంగా అందుకుంటుంది. ఆ ఆలస్యం ఉన్నంతసేపూ కెమెరా ప్రకారం “పక్కకు” అన్నది వలయానికి సరిగ్గా స్పర్శరేఖలో ఉండదు, కాస్త బయటికి వంగి ఉంటుంది. లెక్క చూడండి. పాత్ర వేగం సెకనుకు 4 మీటర్లు, శత్రువుకు దూరం 4 మీటర్లు. అంటే పాత్ర సెకనుకు 1 రేడియన్ చొప్పున చుట్టూ తిరుగుతోంది. కెమెరా వేగ గుణకం, అంటే ఆరో మెట్టులో వచ్చే `k`, 8 అయితే కెమెరా 1/8 రేడియన్, అంటే సుమారు 7 డిగ్రీలు వెనకబడి ఉంటుంది. 4 మీటర్ల వేగంలో ఆ 7 డిగ్రీల వల్ల సెకనుకు దాదాపు అర మీటరు బయటికి జారుతుంది. రెండు మూడు సెకన్లలో కత్తి అందే దూరం దాటిపోయినట్టే. ఆటగాడికి ఈ లెక్కేమీ తెలియదు, “దెబ్బ తగలాల్సింది, తగల్లేదు” అని మాత్రం తెలుస్తుంది.

లాక్ ఉన్నంతసేపూ కదలికకు కెమెరాను వాడకండి. పాత్ర నుంచి శత్రువుకు గీసిన గీతను నేల మీదికి దించి, అదే “ముందుకు” అనుకోండి. దానికి లంబంగా ఉన్నది “పక్కకు”. దీని తర్వాత కూడా ప్రతి ఫ్రేమ్‌లో సరళరేఖలో కదలడం వల్ల కొద్దిపాటి జారుడు మిగులుతుంది. సెకనుకు 60 ఫ్రేముల దగ్గర అది కంటికి ఆనదు. ఫ్రేములు బాగా పడిపోయే పరికరాల్లో ఇబ్బందిగా ఉంటే, స్టిక్ పూర్తిగా పక్కకు ఉన్నప్పుడు పాత దూరాన్నే నిలిపి ఉంచండి.

దొర్లడం, తప్పుకోవడం లాంటి వాటికి బటన్ నొక్కిన క్షణంలో ఉన్న దిశను పట్టుకుని, ఆ యానిమేషన్ అయ్యేదాకా మార్చకండి. మధ్యలో దిశ సవరించుకుంటూ పోతే దొర్లడం వంకరపోతుంది.

5. కెమెరా ఎక్కడ నిలబడాలి

పాత్ర ఎత్తు 1.8 మీటర్లు, కెమెరా 4.5 మీటర్లు వెనక, నేల నుంచి 2.6 మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. శత్రువు ఛాతీ 1.2 మీటర్ల ఎత్తులో ఉంది. శత్రువు 8 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు, కెమెరా నుంచి అతని ఛాతీకి గీసిన గీత పాత్ర ఉన్న చోట 2.1 మీటర్ల ఎత్తులో పోతుంది. తల మీదుగా శత్రువు కనిపిస్తాడు. అదే శత్రువు 2 మీటర్లకు వచ్చేసరికి ఆ గీత 1.63 మీటర్లకు దిగుతుంది. అంటే సరిగ్గా దెబ్బలు మొదలయ్యే దూరంలో మన పాత్ర తలే శత్రువు ఛాతీని కప్పేస్తుంది. ఎదుటివాడు కత్తి ఎప్పుడు ఎత్తాడో కనపడదు.

దీనికి దూరాన్ని బట్టి ఎత్తు పెంచాలి. 2 మీటర్ల దగ్గర కెమెరా 3.2 మీటర్లకు ఎక్కితే గీత మళ్లీ తల పైనుంచి, 1.82 దగ్గర పోతుంది. శత్రువు 6 మీటర్ల దూరం నుంచి 2 మీటర్లకు వచ్చేలోగా 2.6 నుంచి 3.2కి మెల్లగా ఎక్కనివ్వండి. పైనుంచి చూపు నచ్చకపోతే కెమెరాను అర మీటరు భుజం పక్కకు జరిపి కూడా ఇదే సాధించవచ్చు. కాకపోతే ఇరుకు గదుల్లో ఆ భుజం గోడకు తగులుతుంటుంది.

చూపు ఎక్కడ నిలపాలన్నది ఇంకో ప్రశ్న. శత్రువును తెర నడిమధ్యన పెట్టేస్తే పాత్ర తెర అడుగుకు జారిపోతుంది. పాత్రకూ శత్రువుకూ మధ్య గీత మీద, పాత్ర నుంచి 40 శాతం దూరంలో ఉన్న బిందువును చూడనివ్వండి, ఇద్దరూ తెరలో ఉంటారు. ఆ బిందువును శత్రువు తల ఎముకకు మాత్రం కట్టకండి. తెల్ల చుక్క ఎముకతో పాటు ఊగవచ్చు. కెమెరా కూడా ఊగితే శత్రువు ఊపిరి తీసుకున్నప్పుడల్లా లోకమంతా పైకీ కిందికీ కదులుతుంది. కెమెరాకు శత్రువు దేహం మధ్య బిందువు చాలు.

పది మీటర్ల ఎత్తు బాస్‌లకు ఇది చాలదు. మధ్య బిందువును చూడబోతే కెమెరా నేలకు ఆనుకుని ఆకాశం చూస్తుంది. అలాంటి వాటికి కాలు, చెయ్యి, తల అని వేరువేరు లాక్ బిందువులు పెట్టి, మూడో మెట్టులోని విదిలింపుతోనే మారనివ్వండి. కెమెరా పైకి ఎత్తే కోణానికి కూడా 20 డిగ్రీల దగ్గర హద్దు పెట్టండి.

6. నున్నగా తిప్పడం

ఎక్కువమంది రాసే కోడ్ ఇలా ఉంటుంది: ప్రతి ఫ్రేమ్‌లో మిగిలిన కోణంలో పదో వంతు తిరుగు. సెకనుకు 60 ఫ్రేములు వచ్చే మెషీన్ మీద ఒక సెకను తర్వాత 0.2 శాతం మాత్రమే మిగులుతుంది. 30 ఫ్రేములొచ్చే చోట 4 శాతం మిగిలిపోతుంది. ఒకే గేమ్‌కు రెండు రకాల కెమెరాలు. ఫ్రేమ్ సమయంతో ముడిపెడితే ఈ తేడా పోతుంది:

```
t = 1 - exp(-k * dt)
yaw += wrap180(targetYaw - yaw) * t
```

`k` విలువ 6 నుంచి 10 మధ్య మొదలుపెట్టండి. `wrap180` తేడాను మైనస్ 180 నుంచి 180 డిగ్రీల మధ్యకు తెస్తుంది. అది లేకపోతే 359 నుంచి 1 డిగ్రీకి వెళ్లాల్సిన కెమెరా, రెండు డిగ్రీల పనికి చుట్టంతా తిరిగొస్తుంది. శత్రువు చుట్టూ తిరుగుతుంటే ఒకే దిక్కులో, ప్రతిసారీ అదే చోట కెమెరా గిర్రున తిరిగితే కారణం ఇదే.

7. శత్రువు పక్కనుంచి దూసుకుపోయినప్పుడు

లాక్-ఆన్ కెమెరాలు ఎక్కువగా విరిగేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. పాత్ర సెకనుకు 8 మీటర్ల వేగంతో దొర్లుతూ, శత్రువుకు అర మీటరు పక్కనుంచి పోయిందనుకోండి. అతి దగ్గరగా ఉన్న క్షణంలో శత్రువు దిశ సెకనుకు 16 రేడియన్ల వేగంతో, అంటే 900 డిగ్రీలు దాటి మారుతుంది. ఒక్కో ఫ్రేమ్‌కు 15 డిగ్రీలు. 0.22 సెకనులో 120 డిగ్రీలు తిరిగిపోతుంది. కెమెరా దాన్ని నమ్మకంగా వెంబడిస్తే కళ్లు తిరుగుతాయి, నున్నదనం గుణకం ఒక్కటే దీన్ని ఆపలేదు.

రెండు హద్దులు కలిపి పెట్టాలి. ఒకటి, కెమెరా అడ్డంగా తిరిగే వేగానికి సెకనుకు 240 డిగ్రీల పరిమితి. పూర్తిగా వెనక్కి తిరగడానికి ముప్పావు సెకను పడుతుంది, కంటికి అది భరించదగ్గ వేగం. రెండు, శత్రువుకు 1.5 మీటర్ల లోపల ఉన్నంతసేపూ లక్ష్య దిశను మార్చకుండా పాతదాన్నే పట్టుకోవడం. దొర్లి బయటికొచ్చాక కెమెరా తీరిగ్గా తిరుగుతుంది. ఆ అర సెకను శత్రువు తెర మీద ఉండకపోవచ్చు. “గాడ్ ఆఫ్ వార్” 2018 గేమ్‌లో కెమెరా పాత్రకు బాగా దగ్గరగా ఉంటుంది కాబట్టి, తెర బయటి శత్రువుల కోసం పాత్ర చుట్టూ బాణం గుర్తులు చూపిస్తారు. మీ కెమెరా కూడా దగ్గరగా ఉంటే అలాంటిది కావాలి.

ఇక్కడే నాలుగో మెట్టులో కట్టిన కదలిక కూడా తిరగబడుతుంది. స్టిక్ ముందుకే పట్టుకుని శత్రువును దాటితే, దాటిన మరుక్షణం “ముందుకు” అన్నది వెనక్కి మారుతుంది. పాత్ర వెనుదిరిగి మళ్లీ దాటుతుంది, మళ్లీ తిరుగుతుంది. శత్రువు మీద ఎక్కి వణుకుతున్న పాత్రను చూస్తే విషయం ఇదని అర్థం. 1.2 మీటర్ల లోపలికి వచ్చినప్పుడు ఉన్న దిశనే పట్టుకుని ఉంచండి. ఆటగాడు స్టిక్ వదిలినప్పుడు గానీ, ఆ దూరం దాటి బయటికి వచ్చాక స్టిక్ దిశ మార్చినప్పుడు గానీ కొత్త దిశ తీసుకోండి.

8. గోడలు

పాత్ర భుజాల ఎత్తు నుంచి కెమెరా ఉండాల్సిన చోటికి, 0.25 మీటర్ల వ్యాసార్థమున్న గోళాన్ని జరిపి, దారిలో దేనికి తగులుతుందో చూడండి. సన్నని రే చాలదు. రే గోడను తప్పించుకున్నా కెమెరా ముందు అంచు గోడలో దూరి, గోడ లోపలి ఖాళీ కనిపిస్తుంది. గోళం తగిలిన చోటికి కెమెరాను వెంటనే లాగండి, ఆలస్యం వద్దు. వెనక్కి పోయేటప్పుడు మాత్రం నిదానంగా, 0.5 సెకను ఆగి మరీ పంపండి. రెండూ ఒకే వేగంతో జరిగితే స్తంభాల వరస పక్కన నడుస్తున్నప్పుడు కెమెరా ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది.

గోళం దేనికి తగలాలో కూడా తేల్చుకోండి. గోడలు, పెద్ద రాళ్లు, నేల సరిపోతాయి. శత్రువులు, జెండాలు, కుర్చీలు ఆ లేయర్‌లో ఉండకూడదు. శత్రువుకు తగిలితే వెనకనుంచి ఎవడైనా వచ్చినప్పుడల్లా కెమెరా పాత్ర మెడలోకి దూకుతుంది.

పాత్ర వీపు గోడకు ఆనినప్పుడు కెమెరాకు చోటే ఉండదు. దూరం ఒక మీటరు కన్నా తగ్గితే పాత్రను పారదర్శకంగా మార్చి, కెమెరాను పైకి ఎక్కించండి. పైకప్పు కూడా అడ్డొచ్చే మూలల్లో ఈ ఉపాయం పనిచేయదు. అక్కడ కోడ్‌తో కుస్తీ పట్టడం కన్నా లెవెల్ డిజైనర్‌ను అడిగి పోరాట గదిని రెండు మీటర్లు పెంచుకోవడం చవక.

పరీక్షకు మూడు గదులు చాలు: నడుమ స్తంభాలున్న గది, గోడలు దగ్గరగా ఉన్న సన్నని నడవా, ఒక పెద్ద బాస్ ఉన్న ఖాళీ మైదానం. తెర మూలన ప్రస్తుత టార్గెట్, దాని స్కోర్, శత్రువుకు దూరం, కెమెరా సెకనుకు ఎన్ని డిగ్రీలు తిరుగుతోందో చూపించండి. మైదానంలో స్టిక్ పక్కకు పట్టుకుని ఒక చుట్టు తిరిగి, దూరం మొదట ఎంత ఉందో చివరికీ దాదాపు అంతే ఉందా చూడండి. బాగా పెరిగితే నాలుగో మెట్టుకు వెళ్లాలి. స్తంభాల గదిలో శత్రువు చాటుకు వెళ్లి వస్తున్నప్పుడు లాక్ ఊడుతోందా, కెమెరా ముందుకీ వెనక్కీ కొట్టుకుంటోందా గమనించండి. నడవాలో శత్రువు పక్కనుంచి దొర్లి, తిరిగే వేగం 240 దాటిందేమో చూడండి. దాటితే హద్దు పెట్టాక కూడా కోణం ఇంకెక్కడో మారుతోందన్నమాట, హద్దును చివరి లెక్కగా మార్చండి.